ఏరియేటర్లు ఎన్నుంటే పిల్ల ఎంత వదలాలి: రిగ్రెషన్‌లో ఇంటరాక్షన్ పదాన్ని వేయడం, చదవడం, సరిచూడడం

విడవలూరు వైపో, కొత్తపట్నం వైపో రొయ్యల గుంటలు సాగుచేసే రైతును ఒక ప్రశ్న అడగండి: "ఎకరానికి ఇంకో పాతికవేల పిల్ల ఎక్కువ వదిలితే దిగుబడి ఎంత పెరుగుతుంది?" ఆయన జవాబు చెప్పడు. తిరిగి మిమ్మల్నే అడుగుతాడు: "ఏరియేటర్లు ఎన్నున్నాయి?" రిగ్రెషన్‌లో ఇంటరాక్షన్ పదం చేసే పని కచ్చితంగా ఇదే. ఒక చలరాశి ప్రభావం ఎంత అన్న ప్రశ్నకు, ఇంకో చలరాశి ఏ స్థాయిలో ఉందో తెలిస్తే తప్ప జవాబు లేదని అది ఒప్పుకుంటుంది.

ఈ వ్యాసం ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా నడుస్తుంది. మామూలు రిగ్రెషన్ గుణకాలను చదవడం తెలిసినవారికి, ముఖ్యంగా మత్స్య, వ్యవసాయ, ఆర్థికశాస్త్ర విద్యార్థులకు ఇది ఉద్దేశించినది. లెక్కలోని అంకెలు పద్ధతి తేటపడడానికి నేను కల్పించినవి. ఏ మండలం గణాంకాలూ కావు. చేతితో సరిచూసుకోవడానికి వీలుగా గుండ్రంగా పెట్టాను.

## లెక్కకు ముందు గుంటలో ఏం జరుగుతుంది

ఇంటరాక్షన్ పదాన్ని వేయడానికి ముందు, అది ఎందుకు ఉండాలో చెప్పగలిగి ఉండాలి. పగలు గుంటలోని వృక్ష ప్లవకాలు నీటికి ఆక్సిజన్ ఇస్తాయి. చీకటి పడ్డాక అవీ పీల్చుకోవడమే. రొయ్యలు, అడుగున కుళ్లే మేత, ప్లవకాలు అన్నీ కలిసి వాడుకుంటుంటే, నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నింటికంటే తక్కువకు పడిపోతుంది. పిల్ల పలుచగా ఉన్న గుంటలో ఆ సమయం గడిచిపోతుంది. చిక్కగా వదిలిన గుంటలో ఏరియేటర్లు చాలకపోతే రొయ్య మేత మానేస్తుంది, పైకి తేలుతుంది, చస్తుంది. ఒక హెచ్‌పీ ఏరియేటర్ సుమారు 400 నుంచి 500 కిలోల రొయ్య బరువును మోయగలదని సాగులో వాడుకలో ఉన్న అంచనా.

కాబట్టి అదనంగా వదిలిన పిల్ల బరువుగా మారాలా, నష్టంగా మారాలా అన్నది ఏరియేటర్ల శక్తే నిర్ణయిస్తుంది. కారణం ఇంత స్పష్టంగా ఉంటే ఇంటరాక్షన్‌ను వేయడానికి ఇంకేమీ అక్కరలేదు. కారణం చెప్పలేక, ఏదో ఒకటి గణాంక ప్రాముఖ్యం చూపకపోతుందా అని చలరాశులన్నింటినీ జతలు జతలుగా గుణించి చూడడం మాత్రం మంచి అలవాటు కాదు. పది చలరాశులుంటే 45 జతలు వస్తాయి. వాటిలో రెండు మూడు ఊరికే ప్రాముఖ్యం ఉన్నట్టు కనిపిస్తాయి.

## చలరాశులు, కొలమానాలు

మూడు నిలువు వరుసలు చాలు. `digubadi`: ఎకరానికి పట్టుబడి, కిలోల్లో. `pilla`: ఎకరానికి వదిలిన పిల్ల, లక్షల్లో. `hp`: ఎకరానికి నడిచిన ఏరియేటర్ల శక్తి, హెచ్‌పీల్లో. మన ఊహా సమాచారంలో 120 గుంటలున్నాయి. పిల్ల 0.6 నుంచి 1.6 లక్షల వరకూ, శక్తి 2 నుంచి 8 హెచ్‌పీ వరకూ ఉన్నాయి. సగటున పిల్ల 1 లక్ష, శక్తి 5 హెచ్‌పీ.

పిల్లను లక్షల్లో పెట్టడానికి కారణం ఉంది. విడి సంఖ్యల్లో పెడితే గుణకం 0.005 లాంటి అంకెగా వస్తుంది, ఎవరికీ అర్థం కాదు. పైగా ఇక్కడ రైతులు మాట్లాడేదే లక్షల్లో. ఎకరానికి లక్ష అంటే చదరపు మీటరుకు సుమారు 25. 2009లో వనామీ రొయ్య సాగుకు అనుమతి వచ్చినప్పుడు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ మార్గదర్శకాల్లో పెట్టిన పరిమితి చదరపు మీటరుకు 60. అంటే ఎకరానికి సుమారు 2.4 లక్షలు. మన సమాచారం దానికి చాలా కిందే ఆగిపోతుందని గుర్తుంచుకోండి. ఆ పరిమితి దగ్గర ఏమవుతుందో చెప్పే హక్కు ఈ లెక్కకు లేదు.

శక్తి విషయంలో ఒక మాట. ఏరియేటర్ల సంఖ్య రాసుకుని ఊరుకోకండి. ఒక హెచ్‌పీవి, రెండు హెచ్‌పీవి రెండూ గట్టు మీద ఒకలాగే కనిపిస్తాయి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఎన్నింటిని లాగగలదో కూడా అడగాలి. బిగించిన శక్తి ఎనిమిది, రాత్రిపూట నిజంగా నడిచింది నాలుగు అయితే, మన లెక్కకు కావలసింది నాలుగే.

తెల్లమచ్చ జబ్బు వచ్చి అరవయ్యో రోజునే పట్టేసిన గుంటలను ఏం చేయాలన్న సందేహం ఇక్కడ తప్పకుండా వస్తుంది. చాలామంది తీసేస్తారు. లేదా సాగు రోజులను ఇంకో చలరాశిగా చేరుస్తారు. రెండూ ఆలోచించి చేయవలసినవి. చిక్కగా వదిలి, గాలి చాలక, ఒత్తిడికి రొయ్య జబ్బుపడి ఉంటే, ముందే పట్టేయడం అన్నది మనం కొలవాలనుకుంటున్న ప్రభావంలో భాగమే. దాన్ని తీసేస్తే చిక్కదనం చేసే చెరుపు లెక్కలోంచి జారిపోతుంది. నేనైతే వాటిని ఉంచి ఒక లెక్క, తీసి ఒక లెక్క వేసి, రెండూ పక్కపక్కన చూపిస్తాను.

## సమీకరణం

ఇంటరాక్షన్ లేకుండా లెక్క వేస్తే పిల్లకు ఒకే గుణకం వస్తుంది. రెండు హెచ్‌పీ ఉన్న గుంటకూ, ఎనిమిది హెచ్‌పీ ఉన్న గుంటకూ అదే అంకె. మధ్యలో ఉన్నవారికి అది కొంచెం పనికొస్తుంది, అంచుల్లో ఉన్న ఇద్దరికీ తప్పుదారి చూపిస్తుంది. ఇంటరాక్షన్ వేయాలంటే రెండు చలరాశుల లబ్ధాన్ని మూడో పదంగా చేర్చాలి. ఆర్‌లో ఇలా:

```r
m <- lm(digubadi ~ pilla * hp, data = gunta)
```

స్టాటాలో అయితే:

```stata
regress digubadi c.pilla##c.hp
```

`c.` మరచిపోతే స్టాటా ఆ అంకెలను వర్గాలుగా తీసుకుంటుంది. దశాంశాలున్న చోట వెంటనే మొరాయిస్తుంది కాబట్టి తెలుస్తుంది. `hp` పూర్ణాంకాల్లో ఉంటే మాత్రం చడీచప్పుడు లేకుండా ప్రతి అంకెకూ ఒక వర్గం తయారవుతుంది. ఇంకో చిక్కు, లబ్ధాన్ని ముందే వేరే నిలువు వరుసగా లెక్కించి పెట్టుకోవడం. గుణకాలు సరిగ్గానే వస్తాయి. కానీ ఆ వరుస `pilla`, `hp`ల నుంచి పుట్టిందన్న సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. తర్వాత ఉపాంత ప్రభావాన్ని, అంటే పిల్ల పెరిగితే దిగుబడిలో వచ్చే మార్పును, అడిగితే `hp` ఎంతైనా ఒకే అంకెను తిరిగి ఇస్తుంది. ఉపాంత ప్రభావాల పట్టికలో అన్ని వరుసల్లో ఒకే అంకె కనిపించిందంటే, జరిగింది ఇదేనేమోనని మొదట చూడండి.

మన ఉదాహరణలో వచ్చిన సమీకరణం ఇది అనుకుందాం:

```
digubadi = 1500 − 500·pilla − 100·hp + 200·pilla·hp
```

ఇక్కడ ఒక తెలివైన విద్యార్థి ఆక్షేపణ చెప్పవచ్చు: "పిల్లే లేని గుంటలో ఏరియేటర్ తిప్పితే దిగుబడి మారదు కదా, మరి `hp` విడి పదం ఎందుకు? తీసేద్దాం." వినడానికి బాగుంటుంది. కానీ మన గీత 0.6 నుంచి 1.6 లక్షల మధ్య ఉన్న గుంటలకు సరిపోయేలా గీసినది. సున్నా దగ్గర అది ఏం చెప్పినా అర్థం లేదు. ఇదే సమీకరణం పిల్లా ఏరియేటర్లూ లేని గుంటకు 1500 కిలోల దిగుబడి చెబుతోంది, చూడండి! విడి పదాన్ని తీసేస్తే, అన్ని గీతలూ ఎవరూ చూడని ఆ సున్నా దగ్గర కలిసి తీరాలన్న షరతు పెట్టినట్టు. ఆ షరతు కోసం, గుంటలు నిజంగా ఉన్న చోట వాలులు వంకర పోతాయి. రెండు విడి పదాలనూ ఉంచండి.

## గుణకాలను చదవడం

పట్టిక చూడగానే కంటికి కనిపించేవి రెండు రుణ గుణకాలు. పిల్ల ముందు −500. ఏరియేటర్ ముందు −100. "పిల్ల ఎక్కువ వదిలితే దిగుబడి తగ్గుతుంది, ఏరియేటర్లు పెడితే ఇంకా తగ్గుతుంది" అని నివేదికలో రాస్తే గట్టు మీద ఉన్న కాపలాదారు కూడా నవ్వుతాడు. కానీ ఇంటరాక్షన్ ఉన్న లెక్కలను ఇలా చదివిన ప్రాజెక్టు నివేదికలు అరుదేమీ కాదు.

−500 చెప్పేది ఇంతే: `hp` సున్నా అయినప్పుడు, పిల్ల లక్ష పెరిగితే దిగుబడిలో వచ్చే మార్పు. మన 120 గుంటల్లో సున్నా హెచ్‌పీ గుంట ఒక్కటీ లేదు. −100 చెప్పేది: పిల్ల సున్నా అయినప్పుడు ఒక హెచ్‌పీ పెంచితే వచ్చే మార్పు. అలాంటి గుంటా లేదు. ఈ రెంటి పక్కన ఉన్న నక్షత్ర గుర్తులకు కూడా అంతే విలువ. ఇంటరాక్షన్ వేయగానే పిల్ల గుణకం గుర్తు మారిపోయిందని కంగారు పడనక్కరలేదు. అంతకు ముందు ఆ అంకె సగటు ప్రభావం చెప్పేది, ఇప్పుడు సున్నా దగ్గరి ప్రభావం చెబుతోంది. ప్రశ్నే మారింది.

కావలసిన అంకె కోసం సమీకరణంలో పిల్ల ఉన్న పదాలన్నింటినీ ఒకచోట చేర్చాలి:

```
pilla ఉపాంత ప్రభావం = −500 + 200·hp
```

హెచ్‌పీ 2 అయితే −100 కిలోలు. 4 అయితే 300. 6 అయితే 700. 8 అయితే 1,100. ఇవి ఎకరానికి పిల్ల ఒక లక్ష పెరిగితే వచ్చే మార్పులు. ఏ రైతూ ఒక్కసారిగా లక్ష పెంచడు కాబట్టి పదివేలకు చెప్పడం మేలు. నాలుగు హెచ్‌పీ ఉన్నచోట పదివేల పిల్లకు 30 కిలోలు, ఎనిమిది ఉన్నచోట 110 కిలోలు. వాలు సున్నా అయ్యేది 2.5 హెచ్‌పీ దగ్గర. అంతకంటే తక్కువ శక్తి ఉంటే ఎక్కువ పిల్ల వదలడం వృథా అని అంచనా చెబుతోంది. ఎంత గట్టిగా చెబుతోందో తర్వాత చూద్దాం.

200 అన్న ఇంటరాక్షన్ గుణకం దిగుబడి గురించి నేరుగా చెప్పదు, వాలు గురించి చెబుతుంది: ఒక హెచ్‌పీ పెరిగితే పిల్ల ప్రభావం లక్షకు 200 కిలోల చొప్పున పెరుగుతుంది. అదే అంకెను రెండో వైపు నుంచీ చదవవచ్చు. ఏరియేటర్ ఉపాంత ప్రభావం −100 + 200·pilla. అరవైవేల పిల్ల ఉన్న గుంటలో ఇంకో హెచ్‌పీ పెడితే వచ్చేది 20 కిలోలే. లక్షన్నర ఉన్న గుంటలో అదే హెచ్‌పీ 200 కిలోలు తెస్తుంది. కరెంటు, డీజిల్ ఖర్చు లెక్కేసేవారికి ఈ రెండో చదువు ఎక్కువ అవసరం. రెండు చదువుల్లో ఏది కారణం, ఏది సందర్భం అన్నది గణితం తేల్చదు. మీ ప్రశ్న తేల్చాలి.

గుణకాలతో తికమక పడితే ఊహించిన దిగుబడుల పట్టిక వేసుకోండి. ఇంతకంటే తేలిక మార్గం లేదు.

| పిల్ల (లక్షలు) | 2 హెచ్‌పీ | 4 హెచ్‌పీ | 8 హెచ్‌పీ |
|---|---|---|---|
| 0.6 | 1,240 | 1,280 | 1,360 |
| 1.0 | 1,200 | 1,400 | 1,800 |
| 1.5 | 1,150 | 1,550 | 2,350 |

మొదటి అడ్డువరుసలో అంకెలు దాదాపు కదలడం లేదు, చివరిదాంట్లో రెట్టింపయ్యాయి. ఇంటరాక్షన్ అంతా ఆ తేడాలోనే ఉంది.

## ప్రామాణిక దోషం: కోవేరియన్స్‌ను వదిలేస్తే

300 కిలోలు అన్న అంచనా ఎంత నమ్మదగినది? ఇది రెండు గుణకాలను కలిపి తయారుచేసిన అంకె. కాబట్టి దాని దోషం కూడా రెండింటి దోషాల నుంచే కాక, అవి కలిసి కదిలే తీరు నుంచి కూడా వస్తుంది:

```
Var = Var(b1) + hp²·Var(b3) + 2·hp·Cov(b1, b3)
```

ఇక్కడ b1 పిల్ల గుణకం, b3 ఇంటరాక్షన్ గుణకం. మన ఉదాహరణలో b1 ప్రామాణిక దోషం 200, b3ది 35, రెంటి కోవేరియన్స్ −6,125 అనుకుందాం. ఈ మూడో అంకె మామూలు ఫలితాల పట్టికలో కనిపించదు. `vcov(m)` అని అడిగి తీసుకోవాలి.

నాలుగు హెచ్‌పీ దగ్గర: 40,000 + 16 × 1,225 − 8 × 6,125. అంటే 40,000 + 19,600 − 49,000 = 10,600. వర్గమూలం 103. 95 శాతం విశ్వాస అంతరం 300 ± 202, అంటే 98 నుంచి 502 వరకూ. సున్నా బయటే ఉంది.

కోవేరియన్స్‌ను మరచిపోయి మొదటి రెండు పదాలే కలిపితే 59,600 వస్తుంది, వర్గమూలం 244. అంతరం −178 నుంచి 778 వరకూ పోతుంది. "ప్రభావం లేదు" అని రాసేస్తారు. చిన్న పదం కదా అని వదిలేస్తే తీర్పే తలకిందులైంది. ఇక్కడ కోవేరియన్స్ రుణంగా ఉండడం యాదృచ్ఛికం కాదు. రెండు చలరాశులూ ధన సంఖ్యలైతే, వాలు ఎక్కువ తిరిగిన కొద్దీ సున్నా దగ్గర గీత అంత కిందికి దిగుతుంది. అందుకే b3 పెరిగితే b1 తగ్గుతుంది.

చేతి లెక్క ఒకసారి అర్థమైతే చాలు. తర్వాత సాఫ్ట్‌వేర్‌కు వదిలేయవచ్చు:

```r
library(marginaleffects)
slopes(m, variables = "pilla",
       newdata = datagrid(hp = c(2, 4, 6, 8)),
       vcov = ~ raitu)
```

```stata
margins, dydx(pilla) at(hp=(2(2)8))
marginsplot
```

ఆర్ ఆదేశంలోని `vcov = ~ raitu` గురించి ఒక్క మాట. `raitu` అంటే ఏ గుంట ఏ రైతుదో చెప్పే నాలుగో నిలువు వరుస, దీన్నీ సమాచారంలో చేర్చుకోవాలి. ఒకే రైతుకు నాలుగైదు గుంటలుంటే నీరు ఒకటే, మేత ఒకటే, జాగ్రత్తా ఒకటే. వాటిని విడివిడి సాక్ష్యాలుగా లెక్కిస్తే దోషం అసలు కంటే చిన్నదిగా కనిపిస్తుంది. రైతువారీగా గుంపు చేసి దోషం లెక్కించమని చెప్పడమే అది. పైన చేతితో చేసినది ఆ సవరణ లేని లెక్క.

అదే చేతి లెక్కతో మిగతా స్థాయిల దగ్గర అంతరాలు ఇలా వస్తాయి. 2 హెచ్‌పీ దగ్గర −380 నుంచి 180 వరకూ. 6 దగ్గర 498 నుంచి 902 వరకూ. 8 దగ్గర 820 నుంచి 1,380 వరకూ. రెండు విషయాలు గమనించండి. అంతరం మధ్యలో, అంటే 5 హెచ్‌పీ దగ్గర, ఇరుకుగా ఉండి అంచుల వైపు వెడల్పవుతుంది. ఇక 2 హెచ్‌పీ దగ్గర వచ్చిన −100 సున్నాను దాటుకుని రెండు వైపులా పరచుకుంది. కాబట్టి "గాలి తక్కువైతే ఎక్కువ పిల్ల చెరుపు చేస్తుంది" అని ఈ లెక్క నిరూపించలేదు. "లాభం ఉందనడానికి ఆధారం లేదు" అన్నదాకానే మనం వెళ్లగలం.

ఇంకో పొరపాటు ఇక్కడే చెప్పాలి. కొందరు గుంటలను రెండు గుంపులు చేసి, "ఎక్కువ గాలి ఉన్న గుంపులో ప్రభావం ప్రాముఖ్యం ఉన్నది, తక్కువ గాలి గుంపులో లేదు, కాబట్టి ప్రభావాలు వేరు" అంటారు. అది పరీక్ష కాదు. రెండో గుంపులో గుంటలు తక్కువగా ఉన్నా అలాగే వస్తుంది. తేడా ఉందా అన్నదానికి పరీక్ష b3 మీదే. ఇక్కడ 200ను 35తో భాగిస్తే 5.7. తేడా ఉంది.

## సగటు చుట్టూ కేంద్రీకరించడం

ప్రతి చలరాశి నుంచీ దాని సగటును తీసేసి మళ్లీ లెక్క వేయండి. పిల్ల నుంచి 1, శక్తి నుంచి 5. అదే గీత ఇలా కనిపిస్తుంది:

```
digubadi = 1500 + 500·(pilla−1) + 100·(hp−5) + 200·(pilla−1)·(hp−5)
```

ఇప్పుడు విడి గుణకాలు రెండూ ధనంగా మారాయి, అర్థవంతంగానూ ఉన్నాయి. సగటు గాలి ఉన్న గుంటలో లక్ష పిల్లకు 500 కిలోలు, సగటు చిక్కదనం ఉన్న గుంటలో ఒక హెచ్‌పీకి 100 కిలోలు. పాత సమీకరణంలో `hp` 5 పెడితే వచ్చేదీ అదే 500. స్థిరాంకం 1500 అనే మళ్లీ రావడం మాత్రం నేనెంచుకున్న అంకెల వల్ల జరిగిన కాకతాళీయం. ఇప్పుడది సగటు గుంట దిగుబడి.

ఈ పని చేస్తే చలరాశుల మధ్య బహుసంబంధ సమస్య పోతుందని చాలా పాఠ్య నోట్సుల్లో ఉంటుంది. పోయేది కంటికి కనిపించే లక్షణమే. 200 అలాగే ఉంది, దాని దోషం 35 అలాగే ఉంది, ఏ హెచ్‌పీ దగ్గరైనా ఉపాంత ప్రభావమూ దాని అంతరమూ మారలేదు. పిల్ల గుణకం దోషం 200 నుంచి 97కు తగ్గింది, నిజమే. కానీ ఆ 97 అన్నది 5 హెచ్‌పీ దగ్గర మొదటి సమీకరణం నుంచి లెక్కించినా వచ్చే అంకే. చదవడం తేలికవుతుందని కేంద్రీకరించండి, కొత్త సమాచారం వస్తుందని కాదు.

## ఏ స్థాయి నుంచి నమ్మవచ్చు

విశ్వాస అంతరం ఏ హెచ్‌పీ దగ్గర సున్నాను దాటి బయటికి వస్తుందో నేరుగా లెక్కించవచ్చు. 1936లో జాన్సన్, నేమన్ ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఉపాంత ప్రభావం వర్గాన్ని, దోషం వర్గానికి 3.84 రెట్లతో సమానం చేసి, ఆ వర్గ సమీకరణాన్ని సాధించాలి. మన అంకెలతో రెండు మూలాలు వస్తాయి: 3.57, 0.77. అంటే 3.57 హెచ్‌పీ పైన ప్రభావం స్పష్టంగా ధనం. 0.77 కింద స్పష్టంగా రుణం. కానీ రెండో ముక్కను పక్కన పెట్టండి, ఎందుకంటే 2 హెచ్‌పీ కింద మనకు గుంటలే లేవు. సాఫ్ట్‌వేర్ ఆ మూలాన్నీ అంతే ధీమాగా అచ్చు వేసి ఇస్తుంది.

మొదటి మూలంతో ప్రమాదం ఇంకా సూక్ష్మమైనది. "మూడున్నర హెచ్‌పీ దాటాకే ఎక్కువ పిల్ల వదలాలి" అని సలహాగా మార్చేయాలనిపిస్తుంది. 3.57 అన్నది నీటి ధర్మం కాదు, మన నమూనా పరిమాణం ధర్మం. 120 గుంటల బదులు 500 గుంటలుంటే ఆ గీత 2.5 వైపు జరుగుతుంది. వాలు సున్నా అయ్యే 2.5కీ, మనకు ధైర్యం వచ్చే 3.57కీ మధ్య ఉన్న జాగా మన అజ్ఞానం వెడల్పు.

## సరిచూడవలసినవి

ఇంతవరకూ చేసిందంతా ఒక ఊహ మీద నిలబడి ఉంది: హెచ్‌పీ పెరిగిన కొద్దీ పిల్ల ప్రభావం సరళరేఖలోనే పెరుగుతుందని. లబ్ధ పదం వేసిన క్షణాన మనం ఒప్పుకున్న షరతు అది. నిజానికి ఆక్సిజన్ చాలినంత అయ్యాక ఇంకా గాలి కొట్టినా ప్రయోజనం ఉండకూడదు. కాబట్టి హెచ్‌పీని మూడు వర్గాలుగా కోసి, ఒక్కో వర్గంలో వాలు విడిగా చూడండి:

```r
gunta$vargam <- cut(gunta$hp, c(2, 4, 6, 8), include.lowest = TRUE)
lm(digubadi ~ vargam + vargam:pilla + vargam:hp, data = gunta)
table(gunta$vargam, cut(gunta$pilla, 4))
```

మన సరళరేఖ ప్రకారం వర్గాల మధ్య బిందువుల దగ్గర (3, 5, 7 హెచ్‌పీ) వాలులు 100, 500, 900 రావాలి. దాదాపు అలాగే వస్తే సంతోషం. 90, 520, 560 లాగా వస్తే, ఐదారు హెచ్‌పీ దాటాక ప్రభావం పెరగడం ఆగిపోయిందని అర్థం. అప్పుడు 8 దగ్గర చెప్పిన 1,100 కేవలం గీతను సాగదీసినందువల్ల వచ్చిన అంకె. అలాంటప్పుడు వర్గాల ఫలితాలనే నివేదించండి.

కోడ్‌లోని చివరి వరుస నాకు అన్నింటికంటే ఇష్టమైనది, ఎందుకంటే అది ఏ అంచనా లేకుండా గుంటలను లెక్కపెడుతుంది. మన తీరంలో పిల్ల ఎక్కువ వదిలేవాడు ఏరియేటర్లూ ఎక్కువే పెడతాడు. కరెంటు లైను, పెట్టుబడి లేనివాడు పలుచగా వదులుతాడు. కాబట్టి పట్టికలో ఒక మూల, అంటే చిక్కని పిల్ల, తక్కువ గాలి ఉన్న గడి, ఖాళీగానో ఒకటి రెండు గుంటలతోనో ఉండే అవకాశం ఎక్కువ. పైన వేసిన దిగుబడుల పట్టికలో లక్షన్నర పిల్ల, 2 హెచ్‌పీ గడిలో 1,150 అని రాశాం. అక్కడ ఒక్క గుంటా లేకపోతే ఆ అంకె గుంటల నుంచి రాలేదు, గీత నుంచి వచ్చింది. అలాంటి గడిని పట్టికలో ఖాళీగా వదలడం నిజాయతీ.

ఈ కలిసి పెరగడం ఇంకో వేషంలోనూ మోసం చేస్తుంది. `pilla`, `hp` కలిసి పెరుగుతుంటే, `pilla·hp` లబ్ధం, `pilla²` అన్న వర్గ పదం దాదాపు ఒకలాగే కదులుతాయి. అసలు ఉన్నది పిల్ల ప్రభావంలో వంపు మాత్రమే అయి, మనం వర్గ పదం వేయకపోతే, ఆ వంపును లబ్ధ పదం తన ఖాతాలో వేసుకుంటుంది. ఇంటరాక్షన్ లేనిచోట ఇంటరాక్షన్ కనిపిస్తుంది. రెండు వర్గ పదాలనూ చేర్చి మళ్లీ వేయండి:

```r
m2 <- lm(digubadi ~ pilla * hp + I(pilla^2) + I(hp^2), data = gunta)
```

200 ఉన్నది 180కో 220కో కదిలితే పరవాలేదు. 40కి పడిపోయి, దోషం 90కి పెరిగితే, మన సమాచారం వంపునూ ఇంటరాక్షన్‌నూ విడదీయలేకపోతోందని అర్థం. మందు ఇంకో ఆదేశంలో లేదు. గడుల పట్టికలో ఖాళీగా ఉన్న మూలలోకి వచ్చే గుంటలను వెతికి చేర్చడంలో ఉంది. వర్గ పదాలు చేర్చాక ఉపాంత ప్రభావం సూత్రంలో `pilla²` గుణకానికి `2·pilla` రెట్లు ఉన్న ఇంకో ముక్క చేరుతుందని, అంటే ప్రభావం ఇప్పుడు పిల్ల స్థాయి మీద కూడా ఆధారపడుతుందని మరవకండి. `slopes`కు పిల్ల స్థాయినీ చెప్పాలి.

## కిలోలా, రూపాయలా

రొయ్య ధర కిలో మీద కాదు, కౌంట్ మీద. చిక్కగా వదిలితే బరువు మొత్తం పెరిగినా రొయ్య చిన్నదవుతుంది, కిలోకు నలభై తూగేది అరవై తూగుతుంది, ధర పడిపోతుంది. కాబట్టి 4 హెచ్‌పీ దగ్గర కిలోల్లో ధనంగా ఉన్న వాలు, రూపాయల్లో రుణం కావచ్చు. ఎడమవైపు చలరాశిని మాత్రం మార్చి, మేత, పిల్ల, కరెంటు ఖర్చు పోగా మిగిలిన రాబడితో ఇదే సమీకరణాన్ని మళ్లీ వేయండి. వాలు సున్నా అయ్యే హెచ్‌పీ కుడివైపుకు జరుగుతుందని నా అంచనా. ఎంత జరుగుతుందన్నది ఆ పంట నాటి కౌంట్ ధరల మీద ఉంటుంది.

## నివేదికలో ఏం రాయాలి

గుణకాల పట్టిక ఇచ్చి వదిలేయకండి. ఒక బొమ్మ కావాలి: అడ్డంగా హెచ్‌పీ, నిలువుగా పిల్ల ఉపాంత ప్రభావం, గీతకు రెండు వైపులా విశ్వాస అంతరం, అడుగున ఏ హెచ్‌పీ దగ్గర ఎన్ని గుంటలున్నాయో చూపే చిన్న పట్టీ చిత్రం. గీతను 2 నుంచి 8 వరకే గీయాలి. బొమ్మ కింద మాటలు ఇలా ఉండవచ్చు:

"ఎకరానికి నాలుగు హెచ్‌పీ ఏరియేటర్లు నడిచిన గుంటల్లో పదివేల పిల్ల అదనంగా వదలడం, సగటున 30 కిలోల (10 నుంచి 50) అదనపు దిగుబడితో ముడిపడి ఉంది. ఎనిమిది హెచ్‌పీ ఉన్నచోట ఇది 110 కిలోలు (82 నుంచి 138). రెండు హెచ్‌పీ దగ్గర ప్రభావం ఎటువైపో ఈ సమాచారంతో తేలలేదు. ఏరియేటర్లు ఎక్కువ పెట్టిన రైతులు నీటి పరీక్షలు, మేత పట్ల కూడా ఎక్కువ శ్రద్ధ పెట్టి ఉండవచ్చు. ఆ తేడాలను ఈ లెక్క వేరుచేయలేదు."

"ముడిపడి ఉంది" అన్న మాటను కావాలనే వాడాను. ఏరియేటర్లను ఎవరూ చీట్లు వేసి గుంటలకు పంచలేదు. పక్క పక్క గుంటల్లో శక్తిని మార్చి ప్రయోగం చేసినప్పుడు మాత్రమే "పెంచుతుంది" అని రాయండి.